నాలుగు చోట్ల పేర్లు ఒక్క జాబితాకు చేరిన వైనం

నరసరావుపేట: పట్టణంలో పొలాలు, ఇళ్ల స్థలాల బేరాలు కుదిర్చే ఒక మధ్యవర్తికి కిందటి ఏడాది ఒక బేరం చేజారింది. రెండెకరాల మెట్టపొలం అమ్మిపెట్టమని ఒక వితంతువు ఆయన దగ్గర పేరు రాయించుకున్నది. అటువంటి పొలమే కావాలని ఒక రైతు కూడా చెప్పి వెళ్లాడు. ఆమె పేరు నోటు పుస్తకంలోను, అతని పేరు సెల్‌ఫోనులోను ఉండిపోయాయి. నాలుగు నెలలు చూచి, కూతురి పెళ్లి ముహూర్తం దగ్గరపడగా, ఆమె మరొకరి ద్వారా తక్కువ ధరకు అమ్ముకున్నది.

ఆ తరువాతనే ఆయన పేర్లన్నిటినీ కంప్యూటరులో ఒకచోట చేర్చాలని నిశ్చయించారు. ఇందుకు సి.ఆర్.ఎం. అనే ప్రోగ్రాములు ఉన్నాయి. ఎవరు వచ్చారు, ఏమి అడిగారు, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి అన్నవి మనిషికొక చీటీగా ఇవి దాచి ఉంచుతాయి. నోటు పుస్తకాలు రెండు, సెల్‌ఫోను, ఒక ఎక్సెల్ పట్టీ, మొత్తం 640 వరుసలు తేలాయి. డిగ్రీ చదువుతున్న మేనల్లుడు ఆ పని తలకెత్తుకున్నాడు.

మొదటిసారి ఉన్నది ఉన్నట్లుగా ఎక్కించగా పని చెడింది. తెలుగు పేర్లన్నీ ప్రశ్న గుర్తులుగా మారిపోయాయి. ఫోను నంబర్లలో అనేకం 9.19E+11 అని వచ్చాయి. ముందు 91 చేర్చి రాస్తే నంబరు 12 అంకెలు అవుతుంది. ఎక్సెల్ దానిని పెద్ద సంఖ్యగా భావించి కుదించి చూపుతుంది. ఆ రూపంలోనే CSV ఫైలుగా దాచితే మిగిలిన అంకెలు పోయినట్లే. వాటిని మళ్లీ రాబట్టే దారి లేదు, అసలు పట్టీ ఉండవలసిందే. అదృష్టవశాత్తూ దానిని చెరపలేదు.

రెండవసారి నంబర్ల గడిని ముందుగానే Text అని మార్చి, 91, సున్నా, ఖాళీలు తీసివేసి చివరి పది అంకెలు మాత్రం ఉంచారు. ఫైలును CSV UTF-8 అనే రకంగా దాచగా తెలుగు చెడలేదు. ముందు పది వరుసలు మాత్రమే ఎక్కించి, పేరు పేరు గడిలోను, నంబరు నంబరు గడిలోను పడ్డాయని చూచుకున్న తరువాతనే తక్కినవి ఎక్కించారు.

ఒకే మనిషి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నది. ఒకచోట వెంకటేశ్వర్లు, ఒకచోట వెంకటేశ్వరరావు, మరొకచోట ‘ఎరువుల కొట్టు వెంకన్న’. అందుకని పేరును కాక నంబరును బట్టి కలిపారు. అయితే తండ్రీ కొడుకులు ఒకే ఫోను వాడే ఇళ్లు మనవైపు తక్కువ కాదు. తండ్రి అమ్మేవాడు, కొడుకు కొనేవాడు కావచ్చు. అటువంటి వాటిని కంప్యూటరు చేత కలిపించక, ఫోను చేసి అడిగి తేల్చుకున్నారు. చివరకు 470 మంది మిగిలారు.

తరువాత గుర్తుల పని. కొనేవారు, అమ్మేవారు, పెట్టుబడిదారులు అని మూడు గుర్తులు పెట్టారు. ‘ఊళ్లో పొలం అమ్మి టౌనులో స్థలం కొంటానంటే ఏ గుర్తు వెయ్యాలి మామయ్యా?’ అని మేనల్లుడు అడిగాడు. ‘రెండూ వెయ్యరా’ అన్నారు ఆయన. రకం అనే గడిలో ఒక్కటే పడుతుంది. Tags అనే గడిలో ఎన్నయినా పడతాయి. పెట్టుబడిదారుని పోల్చడమే కష్టం. నీళ్లు, నేల సంగతి అడిగేవాడు సాగుకో ఇంటికో కొంటాడు. రోడ్డు ఎప్పుడు పడుతుంది, ఏడాదిలో ఎంత పలుకుతుంది అని అడిగేవాడు తిరిగి అమ్మడానికి కొంటాడు. పెళ్లి ఖర్చుకు అమ్ముకునే వారికి మొదట చూపవలసింది సాగుదారునే అని ఆయన పెట్టుకున్న నియమం. పెట్టుబడిదారుడు అవతలివారి తొందర చూచి ధర దించుతాడని ఆయన అనుభవం.

తెలియనివారికి ఊహించి గుర్తు వేయలేదు. ‘అడగాలి’ అనే నాలుగవ గుర్తు వేశారు. ఫోను చేయవద్దన్న వారికి ‘పిలవవద్దు’ అని మరొకటి.

ఇంత చేసినా మొదటి వెతుకులాటలో జత దొరకలేదు. ఒకరు ‘అర ఎకరం’ అని, మరొకరు ‘50 సెంట్లు’ అని, ఇంకొకరు ‘968 గజాలు’ అని రాయించి ఉన్నారు. మొదటి రెండూ ఒకటేనని మనిషికి తెలుసు, కంప్యూటరుకు తెలియదు. సెంటుకు 48.4 చదరపు గజాల లెక్కన మూడవది 20 సెంట్లు. విస్తీర్ణాలన్నీ సెంట్లలోకి మార్చి మళ్లీ వెతికించగా, అర ఎకరం అమ్మే ఆసామీ, 50 సెంట్లు కావాలన్న రైతు పక్కపక్కన వచ్చారు. ఇద్దరివీ పక్క పక్క ఊళ్లే.

‘అడగాలి’ గుర్తు ఉన్నవారు ఇంకా 130 మంది ఉన్నారు. రోజుకు పదిమందికి ఫోను చేస్తున్నారు.