‘ఫిట్ కాదు’ అంటే ఏమిటి సార్?

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో శనివారం హైరింగ్ డ్రైవ్ ఉందంటే ప్యానెల్‌లో కూర్చున్నవారికి టీ తాగే తీరిక కూడా ఉండదు. ఒకరి వెనక ఒకరు అభ్యర్థులు వస్తూనే ఉంటారు. సాయంత్రం ఇంటికి వెళ్లే తొందరలో పోర్టల్ తెరిచి, ఫీడ్‌బ్యాక్ పెట్టెలో నాలుగు ముక్కలు కొట్టేస్తారు: ‘కమ్యూనికేషన్ ఓకే. కాన్ఫిడెన్స్ తక్కువ. డెప్త్ లేదు. నాట్ ఎ ఫిట్.’ ఆ పూట రాసినవారికి దాని అర్థం తెలుసు. కొన్ని నెలల తర్వాత హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది, ‘ఈమెను ఎందుకు కాదన్నారు? అదే వారం తీసుకున్న అబ్బాయి ఏ విషయంలో మెరుగు?’ అని. అప్పుడు ఆ నాలుగు ముక్కలు చూసి రాసినవారే తెల్లమొహం వేస్తారు.

ఈ చిక్కు ఐటీతో పుట్టింది కాదు. శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రవేశాలపై 1980 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన అజయ్ హాసియా తీర్పు చదివితే మన ప్యానెల్ గదులే గుర్తొస్తాయి. అక్కడ రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50. ఆ యాభైని సామాన్య జ్ఞానం, వ్యక్తిత్వం వంటి నాలుగు అంశాలకు పంచారు. కానీ ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాలే కూర్చోబెట్టారని, తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అనే అడిగారని విద్యార్థులు ఫిర్యాదు చేశారు. అడిగినదానికీ వేసిన మార్కుకీ సంబంధం లేదన్నమాట. మొత్తంలో మూడో వంతు మార్కులు ఇంటర్వ్యూకి పెట్టడమే అన్యాయమన్న ధర్మాసనం, 15 శాతం దాటకూడదంది. వీలైతే ఇంటర్వ్యూలను టేపు రికార్డు చేయాలని కూడా సూచించింది. ఎందుకంటే, తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే కోర్టు చూడటానికి ఏదో ఒకటి ఉండాలి.

ఆ తీర్పు ప్రభుత్వ సంస్థలది. ప్రైవేటు కంపెనీకి రాజ్యాంగంలోని 14వ అధికరణం నేరుగా వర్తించదు. అలాగని అడిగేవారే లేరనుకోవద్దు. నియామకాల్లో స్త్రీలపై వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టమే నిషేధించింది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ నిషేధం ఉంది. ట్రాన్స్‌జెండర్ల విషయంలో 2019 చట్టం ఉంది. అమెరికాలోని ఉద్యోగానికి ఇక్కడి ప్యానెల్ ఇంటర్వ్యూ చేస్తే, నియామకపు రికార్డులను కనీసం ఏడాది దాచాలన్న ఆ దేశపు నిబంధన కూడా వచ్చి కూర్చుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 పోస్టులకు ఇంటర్వ్యూలనే ఎత్తేసి ఈ తలనొప్పి వదిలించుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆ దారి లేదు. మనిషితో మాట్లాడకుండా డిజైన్ తెలుసో లేదో తేలదు.

మరి ఏం రాయాలి? ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. పేమెంట్ల బృందానికి ఆరేళ్ల అనుభవమున్న బ్యాకెండ్ ఇంజినీరు కావాలి. అందరికీ ఒకే ప్రశ్న: ‘ఒకే పేమెంట్ రిక్వెస్ట్ రెండుసార్లు వస్తే కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ కాకుండా ఎలా చూస్తారు?’ స్కోరు 1 నుంచి 4. ఏ అంకెకు ఎలాంటి జవాబో ముందే రాసిపెట్టుకున్నారు. సొంతంగా పరిష్కారం చేరితే 3, బ్యాంకు వైపు వైఫల్యాన్నీ ఆలోచిస్తే 4, హింట్‌తో చేరితే 2, హింట్ ఇచ్చినా చేరలేకపోతే 1. ఒక అభ్యర్థి వచ్చారు. పాత అలవాటు ప్రకారమైతే ‘ప్రాబ్లం సాల్వింగ్ వీక్’ అన్న ఒక్క ముక్కతో సరి. అదే ఇంటర్వ్యూకి సాక్ష్యంతో రాసిన నోట్ ఇలా ఉంటుంది:

‘రిక్వెస్ట్ ఐడీ టేబుల్‌లో ఉందేమో చూసి, లేకపోతే ఇన్సర్ట్ చేస్తానన్నారు. రెండు సర్వర్లూ ఒకే క్షణంలో చూస్తే? అని అడిగాను. సుమారు రెండు నిమిషాలు ఆలోచించారు. “ఆ పని డేటాబేస్‌కే అప్పగిస్తే?” అని హింట్ ఇచ్చాను. వెంటనే ఆ కాలమ్‌పై యూనిక్ కన్‌స్ట్రైంట్ పెడతానన్నారు, రెండో ఇన్సర్ట్ ఫెయిల్ అవుతుందని కారణమూ చెప్పారు. బ్యాంకు దగ్గర డబ్బు కట్ అయ్యాక, మనం రాసుకునేలోపు సర్వర్ పడిపోతే? అన్నదానికి “రీట్రై చేస్తాం” అన్నారు. బ్యాంకుకు అదే ఐడీ పంపాలన్న మాట రాలేదు. స్కోరు 2.’

ఇందులో ‘వీక్’ అన్న మాటే లేదు, అవసరమూ లేదు. అభ్యర్థి అన్నది, అడిగింది, ఇచ్చిన హింట్, రాని జవాబు ఉన్నాయి. గదిలో లేని మనిషి కూడా ఇది చదివి 2 సరైనదో కాదో చెప్పగలరు. విచిత్రంగా ఇది అభ్యర్థికీ మేలే. బృందానికి కావలసింది జూనియరైతే, హింట్ అందుకుని కారణంతో సహా చెప్పగలిగారన్నది చూసి తీసుకోవచ్చు. ‘వీక్’ అన్న మాట ఆ తలుపు మూసేస్తుంది.

‘కాన్ఫిడెన్స్’ గురించి ఒక మాట. నా లెక్కలో ఆ మాటను ఫారంలోంచే తీసేయాలి. అడిగినదానికి ఆలోచించి మెల్లగా చెప్పిన వరంగల్ అమ్మాయికి తక్కువ, తప్పును గట్టిగా చెప్పిన అబ్బాయికి ఎక్కువ వేయడానికే అది పనికొస్తోంది.

మన దగ్గర మరో ప్రమాదం మొదటి అయిదు నిమిషాల్లోనే ఉంది. వాతావరణం తేలికపడాలని ‘మీదే ఊరండీ? ఇంటిపేరు విన్నట్టుందే!’ అని తెలుగులోకి దిగుతారు. అడిగినవారి మనసులో ఏమీ లేకపోవచ్చు. కానీ ఊరు, ఇంటిపేరు తెలిస్తే కులం ఊహించడం ఇక్కడ ఎవరికీ కష్టం కాదు. ఆ అభ్యర్థిని కాదన్నాక నోట్‌లో ‘గుంటూరు వైపు’ అని మిగిలితే దాన్ని ఎలా సమర్థించుకుంటారు? పెళ్లి, పిల్లల ప్రశ్నా అంతే. తెలుసుకోవలసింది రాత్రి డ్యూటీ గురించైతే ‘నెలలో ఒక వారం రాత్రి ఆన్-కాల్ ఉంటుంది, కుదురుతుందా?’ అని మగవారినీ ఆడవారినీ ఒకేలా అడిగి, వచ్చిన జవాబే రాయాలి. అభ్యర్థి తనంతట తాను ఇంటి విషయాలు చెప్పినా అవి నోట్‌లోకి రాకూడదు.

హైదరాబాద్ ప్యానెళ్లకు బాగా తెలిసిన తలనొప్పి ప్రాక్సీ: వీడియో కాల్‌లో ఒకరు, చేరేది మరొకరు. అనుమానం వచ్చి పాత ఫీడ్‌బ్యాక్ తెరిస్తే ‘జావా స్ట్రాంగ్’ అని ఉంటుంది. దానితో ఏం తేలుతుంది? ‘పాత ప్రాజెక్టులో కాఫ్కా క్యూ ఎందుకు నిండిపోయిందో, కన్స్యూమర్లు పెంచి ఎలా సరిచేశారో చెప్పారు’ అని ఉంటే, అదే విషయం మళ్లీ అడగవచ్చు. అయితే నోట్ మనిషి ఎవరో రుజువు చేయదు. అందుకు ప్రతి రౌండ్‌లోనూ గుర్తింపు కార్డు చూడాల్సిందే.

నోట్ ఎప్పుడు రాశారన్నది కూడా ముఖ్యమే. మాట్లాడుతుండగానే ముక్కలు ముక్కలుగా రాసుకోవాలి. ‘టైప్ చేస్తుంటాను, ఏమీ అనుకోకండి’ అని ముందే చెబితే చాలు. అదే రోజు పూర్తిచేసి, మిగతా ప్యానెల్ సభ్యుల అభిప్రాయం వినకముందే సబ్మిట్ చేయాలి. మేనేజరు తల ఊపాక రాసిన నోట్ సాక్ష్యం కాదు, వత్తాసు. అలాంటివి ఇట్టే దొరికిపోతాయి. కాదన్న వాళ్లందరి ఫీడ్‌బ్యాక్‌లోనూ ఒకే వాక్యం కనిపిస్తుంది, అభ్యర్థి అన్న మాట ఒక్కటీ ఉండదు. ఇక ఫిర్యాదు వచ్చాక పాత నోట్‌ను దిద్దడం అన్నిటికన్నా చెడ్డ పని. పోర్టల్ మార్పు తేదీని నమోదు చేసుకుంటుంది. ఏదైనా చేర్చాల్సి వస్తే ఆ రోజు తేదీతో విడిగా చేర్చండి.

వచ్చే శనివారం ప్యానెల్‌లో కూర్చునేవారు ఒక పని చేయండి. మీరు రాసిన ఒక నోట్‌లో పేరు, స్కోరు కప్పేసి, ఆ గదిలో లేని సహోద్యోగికి ఇచ్చి ఎంత వేస్తారో అడగండి. మీ అంకెకూ వారి అంకెకూ పొంతన కుదరకపోతే, అభ్యర్థి ఫలితం పంపేముందు ఆ నోట్ మళ్లీ చదవండి.