ఛార్జింగ్ నిండినా పాట నిలవని స్పీకర్

బ్లూటూత్ స్పీకర్ మీద ఎర్ర లైటు ఆరిపోతే బ్యాటరీ నిండినట్టేనని చాలామంది నమ్మకం. లోపలి ఛార్జింగ్ చిప్ చూసేది వోల్టేజీని, బ్యాటరీలోకి వెళ్లే కరెంటును మాత్రమే. లిథియం అయాన్ సెల్లు 4.2 వోల్టులకు చేరి, అది తీసుకునే కరెంటు బాగా తగ్గిపోగానే చిప్ ఛార్జింగ్ ఆపేసి లైటు ఆర్పేస్తుంది. సెల్లులో ఎంత సరుకు చేరిందో దానికి తెలియదు. పూడిక పేరుకున్న చెరువు చిన్న వానకే గట్టు దాకా నిండుతుంది, నాలుగు రోజులకే ఎండిపోతుంది. పాతబడిన సెల్లు తీరూ అదే.

సెల్లు వయసుతో రెండు విధాల దెబ్బతింటుంది. వాడే కొద్దీ లోపలి లిథియంలో కొంత ఎలక్ట్రోడ్ మీద పొరగా పేరుకుపోయి పనికి రాకుండా పోతుంది. దాంతో నిల్వ సామర్థ్యం తగ్గుతుంది. అదే సమయంలో సెల్లు లోపలి నిరోధం పెరుగుతుంది. వేడి ఈ రెంటినీ తొందరపెడుతుంది. మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో, అదీ నిండా ఛార్జింగ్‌తో వదిలేసిన స్పీకర్‌కు జరిగే నష్టం మామూలు వాడకంలో జరిగే దానికంటే చాలా ఎక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2000 ఎంఏహెచ్ సెల్లు ఒక్కటే ఉన్న స్పీకర్ కొత్తలో మధ్యస్థం సౌండులో ఆరు గంటలు పాడేది. మూడేళ్ల తర్వాత ఫుల్ సౌండ్ పెడితే పావుగంటకే ఆగిపోతోంది. ఛార్జర్‌కూ కేబుల్‌కూ మధ్య చిన్న యూఎస్‌బీ మీటర్ పెట్టి, స్పీకర్ ఆఫ్ చేసి పూర్తిగా ఛార్జ్ చేస్తే దాదాపు 700 ఎంఏహెచ్ మాత్రమే వెళ్లినట్టు చూపుతుంది. ఈ కొలత ఉజ్జాయింపే అయినా, సామర్థ్యం మూడో వంతుకు పడిపోయిందని చెప్పడానికి చాలు. ఆ లెక్కన మధ్యస్థం సౌండులో రెండు గంటలు రావాలి. ఫుల్ సౌండులో సగటున ఒక ఆంపియర్ లాగినా నలభై నిమిషాలు రావాలి. మరి పావుగంటకే ఎందుకు ఆగింది?

ఇక్కడే పెరిగిన నిరోధం పని చేస్తుంది. డప్పు దెబ్బ పడిన ప్రతిసారీ యాంప్లిఫయర్ ఒక్క క్షణం రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. సెల్లు నిరోధం 0.3 ఓం ఉంటే ఆ క్షణంలో 0.6 వోల్టు పడిపోతుంది. 3.6 వోల్టులున్న సెల్లు 3.0 దగ్గరికి జారగానే రక్షణ సర్క్యూట్ దాన్ని ఖాళీ అనుకుని సరఫరా తెంచేస్తుంది. నిజానికి లోపల ఇంకా ఛార్జ్ మిగిలే ఉంటుంది. కాసేపటికి వోల్టేజీ కోలుకుంటుంది. స్పీకర్ మళ్లీ ఆన్ చేసి సౌండు బాగా తగ్గిస్తే అదే సెల్లు ఇంకో గంట పాడగలదు. ఇలా జరిగితే సెల్లు వృద్ధాప్యానికి అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

సౌండు భారం కొత్త సెల్లుకూ తప్పదు. చెవికి రెట్టింపు అనిపించేంత సౌండు కావాలంటే స్పీకర్‌కు దాదాపు పది రెట్లు విద్యుత్ శక్తి అందాలి. పెట్టె మీద రాసిన గంటలు సాధారణంగా మధ్యస్థం సౌండుకు లెక్కగట్టినవి కాబట్టి, పెళ్లి ఊరేగింపులో పెట్టినంత సౌండులో అన్ని గంటలు రాకపోవడం లోపం కాదు.

కేబుల్ లోపం దీనికి తిరగబడిన లక్షణం చూపిస్తుంది. చవక కేబుల్‌లో రాగి తీగలు సన్నగా ఉంటాయి. రానూ పోనూ తీగల నిరోధం అర ఓం ఉంటే, ఒక ఆంపియర్ దగ్గర 5 వోల్టుల్లో అర వోల్టు దారిలోనే పోయి స్పీకర్‌కు 4.5 మాత్రమే అందుతుంది. ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది. అలవాటు ప్రకారం మూడు గంటలకు పీకేస్తే బ్యాటరీ సగమే నిండి ఉంటుంది, పాట కూడా సగానికే ఆగుతుంది. తేడా పట్టడం తేలిక. లైటు త్వరగా ఆరిపోయి పాట కూడా త్వరగా ఆగితే సెల్లు పాతది. లైటు ఎంతకీ ఆరకపోతే, ఛార్జర్ మార్చకుండా పొట్టిగా, మందంగా ఉన్న మంచి కేబుల్ ఒక్కటి మార్చి చూడాలి. సమయం తగ్గితే దోషం కేబుల్‌దే.

సెల్లు మార్చాల్సి వస్తే అదే కొలత, అదే వోల్టేజీ ఉన్నది, రక్షణ సర్క్యూట్‌తో వేయించాలి. మార్కెట్లో 9900 ఎంఏహెచ్ అని ముద్రించిన 18650 సెల్లులు దొరుకుతున్నాయి. ఆ సైజులో మంచి కంపెనీల సెల్లే 3500 దగ్గర ఆగుతుంది కాబట్టి అలాంటి ముద్ర అబద్ధమే. సెల్లు చివరలకు నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెడితే ఆ వేడికి లోపల దెబ్బతింటుంది. స్పాట్ వెల్డింగ్‌తో నికెల్ పట్టీలు అతికే షాపులోనే చేయించాలి. సెల్లు ఉబ్బినట్టు కనిపిస్తే ఇక ఏ పరీక్షా చేయకుండా, ఛార్జింగ్ పెట్టకుండా, గుచ్చకుండా తీయించేసి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.