ఆఫీసు లీజు రెన్యువల్: పెంపును బేరమాడేదెలా?

ఆఫీసు లీజు గడువు దగ్గరపడినప్పుడు అద్దె సంగతి కంటే ముందు చూడాల్సింది పాత దస్తావేజులోని రెన్యువల్ క్లాజు. ‘పరస్పర అంగీకారంతో పొడిగించుకోవచ్చు’ అని మాత్రమే ఉంటే అద్దెదారుకు గట్టి హక్కేమీ ఉన్నట్టు కాదు. ‘గడువుకు మూడు నెలల ముందు రాతపూర్వకంగా కోరితే ఫలానా శాతం పెంపుతో పొడిగించాలి’ అని ఉంటే ఆ తేదీ దాటనివ్వకూడదు. గడువు అయిపోయాక కూడా ఓనరు అద్దె తీసుకుంటున్నాడు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అది నెలవారీ అద్దెగా మారుతుంది. 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. పార్టిషన్లకు, వైరింగ్‌కు లక్షలు పోసినవాళ్లు ఆ స్థితిలో బేరమాడలేరు. ఐదారు నెలల ముందే మాట కదపడం మేలు.

హైదరాబాద్‌లో ఒక చిన్న అకౌంటింగ్ సంస్థను ఊహించుకుందాం. 1,200 చదరపు అడుగులకు అడుగుకు రూ.40 చొప్పున నెలకు రూ.48,000 కడుతోంది. మూడేళ్ల లీజు ముగుస్తోంది. ఓనరు 20 శాతం పెంచి, వచ్చే మూడేళ్లకు నెలకు రూ.57,600 ఇవ్వమంటున్నాడు.

మార్కెట్ రేటు అనగానే టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తారు. అక్కడ చెప్పేది ఓనరు ఆశించే ధర. కుదిరిన ధర తెలియాలంటే ఈమధ్యే ఆ వీధిలో దిగిన ఇద్దరు ముగ్గురిని అడగాలి. కొలత కూడా ముఖ్యమే. ఈ 1,200 అడుగుల్లో మెట్లు, లిఫ్టు, వరండా వాటా పోను వాడుకునే చోటు 900 అడుగులే అనుకుంటే, అసలు ధర అడుగుకు రూ.53 పైమాటే. పక్క భవనంలో రూ.38కే దొరుకుతోందని సంబరపడి, అక్కడ ఉమ్మడి వాటా 35 శాతమని తర్వాత తెలిస్తే, లెక్క రూ.58 దాటుతుంది. అలాంటి ఉదాహరణ చూపిస్తే ఓనరు దాన్నే తిప్పికొడతాడు. మెయింటెనెన్స్, పార్కింగ్, జనరేటర్ ఛార్జీలు కలిపే పోల్చాలి.

‘అద్దె ఎప్పుడూ ఆలస్యం చేయలేదు’ అనే మాట ఒక్కటే పనిచేయదు. 36 నెలల బ్యాంకు చెల్లింపుల జాబితా ఒక పేజీలో పెడితే పనిచేస్తుంది. టీడీఎస్ కట్టే సంస్థ అయితే ఆ జమలు ఓనరు పన్ను ఖాతాలోనే కనిపిస్తాయి. సొంత ఖర్చుతో చేయించిన మరమ్మతుల బిల్లులూ జత చేయాలి.

వీధిలో ఇలాంటి ఆఫీసులు రూ.44కు కుదిరాయని తేలిందనుకుందాం. అంటే నెలకు రూ.52,800, పది శాతం పెంపు. ఓనరు అడిగినదానికీ దీనికీ తేడా రూ.4,800. ఇప్పుడు లెక్క ఓనరు వైపు నుంచి వేయాలి. ఆఫీసు మూడు నెలలు ఖాళీగా ఉంటే పోయేది రూ.1,72,800. బ్రోకరుకు ఒక నెల అద్దె ఇస్తే మొత్తం రూ.2,30,400. కొత్తవాళ్లు రూ.57,600 ఇచ్చినా ఈ నష్టం పూడటానికి 48 నెలలు పడుతుంది. లీజేమో 36 నెలలే. అయితే డిమాండు బాగా ఉండి, మర్నాడే ఎవరో ఒకరు దిగే వీధిలో ఈ లెక్క చెల్లదు. కాబట్టి చుట్టుపక్కల ఎన్ని టులెట్ బోర్డులు ఎన్ని నెలలుగా వేలాడుతున్నాయో ముందే గమనించాలి.

ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ‘నమస్కారం. మా లీజు సెప్టెంబరు 30తో ముగుస్తుంది. మరో మూడేళ్లు ఇక్కడే కొనసాగాలనుకుంటున్నాం. గత 36 నెలల చెల్లింపుల వివరాలు, ఇదే వీధిలో ఇటీవల కుదిరిన మూడు అద్దెల వివరాలు జతపరిచాం. వాటి ప్రకారం అడుగుకు రూ.43 ఇవ్వగలం. వీలు చూసి చెబితే వచ్చి కలుస్తాం.’ రూ.44 దగ్గర ఆగాలనుకున్నవారు రూ.43తో మొదలుపెట్టడం మామూలే. ఖాళీ చేస్తామన్న బెదిరింపు ఇందులో ఉండకూడదు. నిజంగా వేరే చోటు చూసుకోకుండా అలా రాస్తే ఓనరు ‘సరే’ అనేయవచ్చు.

ఓనరు 15 శాతం దగ్గర పట్టుబడితే మెట్లమెట్లుగా పెంచే పద్ధతి అడగవచ్చు. ఒకేసారి 15 శాతం అంటే నెలకు రూ.55,200, మూడేళ్లకు రూ.19,87,200. ఏటా 5 శాతమైతే రూ.50,400, రూ.52,920, రూ.55,566 చొప్పున మొత్తం రూ.19,06,632. అద్దెదారుకు రూ.80 వేలకు పైగా మిగులుతుంది. ఓనరు ఎందుకు ఒప్పుకుంటాడంటే, చివరి ఏడాది అద్దె రూ.55,200 కంటే ఎక్కువ, తర్వాతి రెన్యువల్ అక్కడినుంచే మొదలవుతుంది. ఆ భారం అద్దెదారు ఇప్పుడే లెక్కలోకి తీసుకోవాలి. బదులుగా రెండేళ్ల లాక్-ఇన్‌కు ఒప్పుకోవడం, రంగులు తామే వేయించుకోవడం లాంటివి ఇవ్వజూపవచ్చు.

కుదిరిన మాట దస్తావేజుకెక్కాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటే మూడేళ్ల ధరకు పూచీ ఉండదు. కొత్త దస్తావేజులో పాత అడ్వాన్సు మొత్తం, అది కొత్త లీజుకు బదిలీ అయిందన్న వాక్యం, ఏ ఏడు ఎంత అద్దె అన్న అంకెలు, తర్వాతి రెన్యువల్‌కు ఎప్పటిలోగా కోరాలి, పెంపు ఎంతవరకు అన్నవి స్పష్టంగా ఉండాలి.