ఆవకాయ పార్శిల్: సీలు నుంచి వాపసు దాకా

గుంటూరు నుంచి పుణెకు పంపిన కిలో ఆవకాయ దారిలో పాడైందంటే చాలాసార్లు కారణం నూనె కారడమే. ఒక్క ప్యాకెట్ కారితే పక్కనున్న పార్శిళ్లకూ మరకలు పడతాయి. కొరియర్ వాళ్లు దాన్ని మధ్యలోనే ఆపేస్తారు. ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మేవారు ముందుగా సరిచూసుకోవలసింది అందుకే ప్యాకెట్ మూతిని.

పచ్చడి నింపేటప్పుడు మూతి లోపలి అంచుకు నూనె అంటితే సీలింగ్ మిషన్ వేడికి ఆ చోట ప్లాస్టిక్ సరిగా అతుక్కోదు. పైకి సీలు పడినట్టే కనిపిస్తుంది, లారీలో బరువు పడగానే విడిపోతుంది. నింపేముందు మూతిని బయటికి మడిచి, నింపాక పొడి గుడ్డతో తుడిచి, గాలి తీసేసి, పక్కపక్కనే రెండు వరసల సీలు వేయాలి. తరువాత ప్యాకెట్‌ను న్యూస్‌పేపర్ మీద పడుకోబెట్టి, పైన కాస్త బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున కాగితం మీద నూనె చుక్క కనబడితే ఆ ప్యాకెట్ పంపకూడదు. ఈ పరీక్ష నెగ్గినదాన్ని మరో కవరులో పెట్టి దానికీ సీలు వేయాలి.

పెట్టె ఎంపికలో భద్రతతో పాటు ఖర్చు కూడా ఉంది. కొరియర్ సంస్థలు అసలు బరువును, పెట్టె పరిమాణాన్నిబట్టి లెక్కగట్టే బరువును పోల్చి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలా సంస్థల పద్ధతి. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెకు ఆ లెక్కన 3 కిలోలు వస్తుంది. అదే ఆవకాయను 20, 15, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 0.9 కిలో మాత్రమే. ప్యాకింగ్‌తో కలిపి అసలు బరువు 1.3 కిలోలనుకుంటే దానికే చార్జీ పడుతుంది. పెద్ద పెట్టె వాడితే గాలికి డబ్బు కట్టినట్టే. పెట్టెలో మిగిలిన సందులను కాగితంతో నింపి, చెవి దగ్గర ఊపి చూస్తే లోపల కదలిక తెలియకూడదు.

లేబుళ్లు రెండు ఉంటాయి. ప్యాకెట్ మీద ఉండేది సరుకు లేబుల్. పచ్చడి పేరు, దినుసులు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, శాకాహార గుర్తు, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు అందులో కనబడాలి. పెట్టె మీద అతికించేది కొరియర్ లేబుల్. దాని బార్‌కోడ్ పెట్టె అంచు మీదుగా మడత పడితే స్కానరు చదవలేదు. వాడిన పెట్టెనే మళ్లీ వాడుతుంటే పాత లేబుల్‌ను పూర్తిగా చింపేయాలి, లేకపోతే పార్శిల్ పాత చిరునామా వైపు మళ్లే ప్రమాదం ఉంది.

ఇన్‌వాయిస్‌లో పేరు, సరుకు, బరువు, మొత్తం ఆర్డరుతో సరిపోవాలి. గుంటూరు నుంచి పుణె అంటే రాష్ట్రం దాటిన అమ్మకం కనుక జీఎస్టీ నమోదు ఉండాలి, పన్ను ఐజీఎస్టీగా చూపాలి. అదే విజయవాడకైతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా విడగొట్టాలి. ఇన్‌వాయిస్ కాగితాన్ని చిన్న ప్లాస్టిక్ కవరులో పెడితే నూనె అంటదు.

పికప్‌కు ముందు పెట్టెను తూకంపై పెట్టి, లేబుల్, తూకం అంకె రెండూ కనబడేలా ఫొటో తీసిపెట్టుకోవాలి. తరువాత కొరియర్ సంస్థ బరువు ఎక్కువని అదనంగా వసూలు చేస్తే అభ్యంతరం చెప్పడానికి ఆ ఫొటోనే ఆధారం. కొరియర్ కుర్రాడు తొందరలో పెట్టెలన్నీ సంచిలో వేసుకుపోతానంటాడు. ఒక్కొక్కటీ తన ఎదుటే స్కాన్ చేయించి, పికప్ జాబితాపై సంతకం తీసుకున్నాకే అమ్మకందారు పంపాలి. స్కాన్ కాని పార్శిల్ పోతే దాన్ని అప్పగించినట్టు రుజువు చేయడం కష్టం.

వాపసులో రెండు రకాలున్నాయి. కొనుగోలుదారు ఇంట్లో లేకో, తీసుకోననో తిరిగొచ్చేది ఒకటి. డబ్బు ఇంటి దగ్గర చెల్లించే ఆర్డర్లలో ఇది ఎక్కువ కాబట్టి, పంపేముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోవడం మేలు. రెండోది, అందాక ఫిర్యాదు రావడం. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం సరుకు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకున్నా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. కారిన ప్యాకెట్ ఫొటో, బ్యాచ్ నంబరు అడిగి డబ్బు తిరిగిచ్చేయడమే సబబు, ఆ పచ్చడిని వెనక్కి రప్పించడం దండగ. సరుకు వెనక్కి వచ్చినా, నాణ్యత లోపంతో మొత్తం తగ్గించినా పాత ఇన్‌వాయిస్ నంబరు చూపుతూ క్రెడిట్ నోటు రాయాలి. తిరిగొచ్చిన పెట్టెను వీడియో తీస్తూ విప్పాలి. సీలు చెక్కుచెదరకపోయినా, దారిలో ఎంత ఎండలో ఎన్నాళ్లు ఉందో తెలియని ఆ ఆవకాయను మళ్లీ అమ్మకానికి పెట్టకూడదు.