పన్నెండు పదాల్లో ఆస్తి: క్రిప్టో వాలెట్ సీడ్ ఫ్రేజ్‌ను కాపాడుకోవడం ఎలా?

క్రిప్టో వాలెట్‌లో నాణేలు ఉండవు. ఏ అడ్రస్‌కు ఎంత బిట్‌కాయిన్, ఎంత ఈథర్ చెందుతుందన్న లెక్క బ్లాక్‌చెయిన్‌లో, అంటే వేల కంప్యూటర్లు ఒకేలా రాసుకునే ఖాతా పుస్తకంలో ఉంటుంది. ఆ అడ్రస్ నుంచి సొమ్ము పంపడానికి కావలసిన రహస్య సంఖ్య పేరు ప్రైవేట్ కీ. వాలెట్ యాప్ దాచి ఉంచేది దానినే. ఈ కీతో చేసిన డిజిటల్ సంతకం సరిపోతే నెట్‌వర్క్ సొమ్మును కదిలిస్తుంది. సంతకం చేసింది యజమానా, దొంగా అని విచారించే అధికారి అక్కడ లేడు. కీ పోతే కొత్తది ఇచ్చే శాఖా లేదు.

ప్రైవేట్ కీ 256 బిట్ల సంఖ్య. దాన్ని రాస్తే 64 అక్షరాలు, అంకెల వరుస అవుతుంది. ఒక వాలెట్‌కు ఇలాంటి కీలు ఎన్నో ఉంటాయి కాబట్టి అన్నిటినీ చేత్తో రాసి దాచడం అయ్యే పని కాదు. ఈ ఇబ్బందిని తీర్చడానికి 2013లో బిప్ 39 అనే పద్ధతి వచ్చింది. ఇందులో 2048 ఇంగ్లిషు పదాల స్థిరమైన జాబితా ఉంది. మొదటి పదం abandon, చివరిది zoo. వాలెట్ ముందుగా 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి, దాని చివర 4 సరిచూపు బిట్లు చేరుస్తుంది. మొత్తం 132 బిట్లను 11 చొప్పున విడదీస్తే 12 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్క జాబితాలోని ఒక్కో పదాన్ని చూపిస్తుంది. ఈ 12 పదాల వరుసే సీడ్ ఫ్రేజ్. కొన్ని వాలెట్లు 24 పదాలు ఇస్తాయి. ఈ పదాల నుంచే వాలెట్ తన కీలన్నిటినీ లెక్కకట్టి తీస్తుంది కాబట్టి, ఫ్రేజ్ తెలిసినవారి చేతిలో ఆ వాలెట్ మొత్తం ఉన్నట్టే.

యాప్ పాస్‌వర్డ్, పిన్ వేరు. అవి ఆ ఒక్క ఫోన్‌లో ఉన్న కాపీకి మాత్రమే తాళం వేస్తాయి. ఫోన్ పగిలినా ఫ్రేజ్ ఉంటే మరో ఫోన్‌లో వాలెట్ తిరిగి వస్తుంది. ఎక్స్ఛేంజీ ఖాతాల్లో మాత్రం కీలు ఖాతాదారుల దగ్గర ఉండవు, ఎక్స్ఛేంజీ దగ్గరే ఉంటాయి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగల పాలైనప్పుడు, అక్కడ సొమ్ము ఉంచిన భారతీయులు తమ వైపు పొరపాటు లేకపోయినా ఇరుక్కుపోయింది అందుకే.

సీడ్ ఫ్రేజ్‌కు మంచి బ్యాకప్ కాగితంతో మొదలవుతుంది. వాలెట్ కొత్తగా తెరిచినప్పుడు తెరపై కనిపించే పదాలను వరుస సంఖ్యలతో, విడివిడి అక్షరాలతో రాయాలి. జాబితాలోని ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు. అవి స్పష్టంగా ఉంటే పదం దొరికిపోతుంది. ఆ తర్వాతి మెట్టును చాలామంది వదిలేస్తారు. సొమ్ము వేయకముందే మొదటి రిసీవింగ్ అడ్రస్‌ను నోట్ చేసుకుని, వాలెట్‌ను చెరిపి, కాగితం చూసి తిరిగి తెరవాలి. అదే అడ్రస్ వస్తే బ్యాకప్ సరైనదే.

ఈ పరీక్ష ఎందుకంటే, ఒక కాగితంలో ఏడో పదం world అనుకుందాం. తడి తగిలి l చెరిగిపోతే అది word లా కనిపిస్తుంది. రెండూ జాబితాలో ఉన్న పదాలే. తప్పు పదంతో ఫ్రేజ్ ఎక్కిస్తే, ఆ 4 సరిచూపు బిట్ల వల్ల 16లో 15 సార్లు యాప్ చెల్లదని చెబుతుంది. మిగిలిన ఒక్కసారి మాత్రం దాన్ని ఒప్పుకుని, సంబంధం లేని ఖాళీ వాలెట్‌ను తెరుస్తుంది. యజమాని సొమ్ము దొంగలు పట్టుకుపోయారనుకుంటాడు. పాత అడ్రస్ రాసి ఉంటే దారి దొరుకుతుంది. ఏడో స్థానంలో 2048 పదాలనూ పెట్టి చూస్తే దాదాపు 128 మాత్రమే సరిచూపు దాటుతాయి. వాటిలో పాత అడ్రస్‌ను ఇచ్చేదే అసలు పదం. రెండు పదాలు పోతే అలాంటి ఫ్రేజ్‌లు సుమారు 2.62 లక్షలు. అదీ కంప్యూటర్‌కు సాధ్యమే. ఆపైన పోయిన ప్రతి పదానికీ పని 2048 రెట్లు పెరుగుతుంది. ఈ వెతుకులాట ఇంటర్నెట్‌కు తగలని కంప్యూటర్‌లోనే జరగాలి. పదాలు అడిగే వెబ్‌సైట్‌లో జరిపితే సొమ్ము అక్కడితో సరి.

ఇదే లెక్క కొన్ని దాపరికాలు ఎందుకు పనికిరావో కూడా చెబుతుంది. 12 పదాల వరుసను కలగాపులగం చేసి రాసుకుంటే వచ్చే అమరికలు దాదాపు 47.9 కోట్లు. సరిచూపు దాటేవి 3 కోట్లే కాబట్టి దొంగ కంప్యూటర్ వాటిని వడపోయగలదు, యజమానికి మాత్రం అసలు వరుస గుర్తుండదు. ఫ్రేజ్‌ను రెండు సగాలు చేసి రెండు చోట్ల ఉంచితే, ఏ సగం పోయినా అంతా పోతుంది. దానికన్నా పూర్తి కాపీలు రెండు తీసి, వేర్వేరు ఇళ్లలో ఉంచడం మేలు. నిప్పుకు, నీటికి తట్టుకునేలా ఒకదాన్ని స్టీలు పలకపై చెక్కించుకోవచ్చు, అయితే ఆ పని సొంత చేత్తోనే చేయాలి. విడదీయాల్సిందే అనుకుంటే దానికోసమే తయారైన స్లిప్ 39 పద్ధతి ఉంది. అందులో మూడు భాగాలు చేస్తే ఏ రెండు దొరికినా వాలెట్ తిరిగి వస్తుంది, ఒక్కటే దొరికినవారికి ఏమీ తెలియదు. ఈ పద్ధతి అన్ని వాలెట్లలో లేదు.

పదాలకు అదనంగా సొంత పాస్‌ఫ్రేజ్ చేర్చే వీలు కొన్ని వాలెట్లు ఇస్తాయి. కాగితం దొంగ చేతికి చిక్కినా ఇది అడ్డుపడుతుంది. కానీ దీనికి సరిచూపు లేదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా యాప్ తప్పని చెప్పకుండా వేరే ఖాళీ వాలెట్‌ను తెరుస్తుంది. కాబట్టి పాస్‌ఫ్రేజ్‌నూ రాసి, పదాలకు దూరంగా ఉంచాలి.

కాపీ లేక పోయిన సొమ్ముకు వేల్స్‌లోని న్యూపోర్ట్‌కు చెందిన జేమ్స్ హవెల్స్ కథ పేరుపొందింది. సుమారు 8000 బిట్‌కాయిన్ల కీలున్న ఆయన హార్డ్ డిస్క్ 2013లో చెత్తకుప్పకు చేరింది. దాన్ని తవ్వించాలని ఆయన వేసిన దావాను 2025 జనవరిలో బ్రిటన్ హైకోర్టు కొట్టేసింది.

కాపీ ఇతరుల చేతికి పోయే దారులు ఇంకా ఎక్కువ. ఫ్రేజ్‌ను ఫొటో తీస్తే అది గ్యాలరీ నుంచి క్లౌడ్‌కు వెళ్లవచ్చు. ఫోన్‌లోని ఫొటోల్లో అక్షరాలు చదివి సీడ్ ఫ్రేజ్‌లను ఏరుకునే స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్‌ను, అధికారిక యాప్ స్టోర్లలోనే దొరికే యాప్‌లలో కాస్పర్‌స్కీ పరిశోధకులు 2025లో బయటపెట్టారు. మోసగాళ్లు నేరుగా అడిగి తీసుకునేవీ ఉన్నాయి. హార్డ్‌వేర్ వాలెట్లు చేసే లెడ్జర్ సంస్థ కొనుగోలుదారుల చిరునామాలు 2020లో బయటికి పొక్కాయి. ఆ తర్వాత కొందరికి పోస్టులో నకిలీ పరికరాలు కూడా వచ్చాయి, 24 పదాలు రాబట్టడం కోసం. పదాలు ముందే అచ్చేసి ఉన్న పరికరం, పదాలు అడిగే కస్టమర్ కేర్ ఫోన్, వాలెట్‌ను సరిచూడాలనే వెబ్‌సైట్, ఈ మూడూ మోసమే.

ఫ్రేజ్ ఎవరికైనా తెలిసిందన్న అనుమానం వస్తే యాప్ పాస్‌వర్డ్ మార్చడం వల్ల లాభం లేదు, పాత పదాలు పనిచేస్తూనే ఉంటాయి. మాల్‌వేర్ లేని మరో పరికరంలో కొత్త ఫ్రేజ్‌తో వాలెట్ తెరిచి, సొమ్మంతటినీ వెంటనే దానికి పంపాలి.

చివరిగా, వారసుల సంగతి. వాళ్లకు పదాలు ముందే చెప్పనక్కర్లేదు. కాగితం ఎక్కడుందో, ఏ వాలెట్‌లో తెరవాలో, పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో వేరే చీటీలో రాసి ఉంచాలి. ఒక వాలెట్ కీలను తీసే క్రమం మరోదానిలో వేరుగా ఉండవచ్చు. అప్పుడు సరైన పదాలతోనే బ్యాలెన్స్ సున్నా కనిపిస్తుంది. వాలెట్ పేరు, మొదటి అడ్రస్ ఆ చీటీలో ఉంటే సొమ్ము ఉందా, పోయిందా అన్నది వాళ్లు తేల్చుకోగలరు.