మెటాస్టెబిలిటీ: వైఫల్యాల మధ్య సగటు కాలం

క్లాక్ అంచు పడే క్షణంలోనే డేటా మారితే ఫ్లిప్-ఫ్లాప్ అవుట్‌పుట్ 0, 1ల మధ్య ఎటూ తేలకుండా కాసేపు ఆగిపోతుంది. ఇదే మెటాస్టెబిలిటీ. వేరే క్లాక్ నుంచి వచ్చే సంకేతాలకు ఈ ముప్పు పూర్తిగా పోదు. ఎంత అరుదో లెక్కగట్టవచ్చు.

MTBF = e^(t/τ) / (T0 × fc × fd)

t అంటే తేరుకోవడానికి దొరికే సమయం. τ, T0 ఫ్లిప్-ఫ్లాప్ గుణాలు. క్లాక్ (fc) 100 మెగాహెర్ట్జ్, డేటా (fd) సెకనుకు 10 లక్షల మార్పులు, T0 0.1, τ 0.2, t 5 నానోసెకన్లు అనుకుంటే సగటున 83 రోజులకో వైఫల్యం. వెయ్యి పరికరాలు నడుస్తుంటే ఎక్కడో ఒకచోట రెండు గంటలకోసారి! t మరో 2 నానోసెకన్లు పెరిగితే ఆ 83 రోజులే దాదాపు 5,000 ఏళ్లవుతాయి. వరుసలో రెండో ఫ్లిప్-ఫ్లాప్ పెట్టేది ఈ అదనపు సమయం కోసమే. వోల్టేజీ తగ్గితే τ పెరుగుతుంది కనుక లెక్కలో దాని గరిష్ఠ విలువనే తీసుకోవాలి.