అవే అయిదు స్వరాలు: పొద్దున దేశ్‌కార్, సాయంత్రం భూపాలీ

హార్మోనియం మీద నల్లమెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదాన్ని ‘స’ అనుకుని, తెల్లమెట్లు ముట్టుకోకుండా వరసగా పైకి వెళితే స, రి, గ, ప, ద వచ్చి మళ్లీ పై ‘స’ తగులుతుంది. సంగీతం పాఠాలు మొదలుపెట్టిన పిల్లలకు ఇది బాగా తెలిసిన దారే. ‘వరవీణా’ గీతం పాడేది ఈ స్వరాల్లోనే. కర్ణాటక సంగీతంలో ఈ రాగం పేరు మోహన. ‘మాయాబజార్’లో వెన్నెల రాత్రి పడవలో సాగే ‘లాహిరి లాహిరి’ పాటకు కూడా మోహనే ఆధారం.

ఆరోహణ, అవరోహణ చెప్పేస్తే రాగం చెప్పేసినట్టేనని చాలామంది అనుకుంటారు. పరీక్షలకు చదువుకునే పుస్తకాల్లోనూ ముందు కనిపించేవి అవే. అయితే ఈ అయిదు నల్లమెట్ల దగ్గరే ఆ లెక్క తప్పుతుంది. హిందుస్తానీ సంగీతంలో ఇవే అయిదు స్వరాలతో రెండు వేర్వేరు రాగాలున్నాయి. ఒకటి భూపాలీ, రెండోది దేశ్‌కార్. భూపాలీ పాడేది పొద్దుగూకాక, రాత్రి మొదటి జాములో. దేశ్‌కార్ పాడేది ఉదయం. రెండింటిలోనూ ఎక్కే మెట్లు అవే, దిగే మెట్లూ అవే. అయినా బాగా విన్నవాళ్లు రెండు మూడు పలుకుల్లోనే అది ఏ రాగమో చెప్పేస్తారు.

ఎలా చెబుతారన్నది హార్మోనియం దగ్గరే తేల్చుకోవచ్చు. ముందు గాంధారం దగ్గర స్థిరపడాలి. స, రి, గ అని వచ్చి ‘గ’ మీద ఆగాలి. గ, రి, స అని దిగి, కింది దైవతాన్ని తాకి, మళ్లీ స, రి, గ అంటూ అక్కడికే చేరాలి. పంచమం దాకా వెళ్లినా వెంటనే గాంధారానికే తిరిగి రావాలి. పాట బరువంతా కింది సగంలో, అంటే స నుంచి ప వరకు ఉన్న భాగంలో, నిలుస్తుంది. ఇది భూపాలీ. నింపాదిగా, విశాలంగా ఉంటుంది. తొందరేమీ లేనట్టు సాగుతుంది. కిశోరీ అమోణ్‌కర్ పాడిన ‘సహేలా రే’ విన్నవాళ్లకు గాంధారం మీద ఆ నిలకడ వెంటనే గుర్తుకొస్తుంది.

ఇప్పుడు అవే మెట్ల మీద చోటు మార్చాలి. గ, ప, ద అని నేరుగా పైకి వెళ్లి దైవతం మీద నిలవాలి. ద, ద, ప అంటూ దైవతాన్నే మళ్లీ మళ్లీ పలకాలి. పై షడ్జాన్ని తాకి మళ్లీ దైవతానికే రావాలి. దిగేటప్పుడు రిషభం మీద ఆగకుండా చటుక్కున దాటి షడ్జం చేరాలి. బరువు పై సగానికి మారిపోయింది. ఇది దేశ్‌కార్. ఇందులో ఒక చురుకు, ఒక వెలుగు ఉంటాయి. భూపాలీలో ఎంతో చనువుగా మెలిగే రిషభం ఇక్కడ దారిలో తగిలి వెళ్లిపోయే స్వరం మాత్రమే.

ఇలా ప్రధానంగా నిలిచే స్వరాన్ని వాది అంటారు, దానికి తోడుగా నిలిచేదాన్ని సంవాది అంటారు. భూపాలీకి గాంధారం వాది, దైవతం సంవాది. దేశ్‌కార్‌లో ఇవి తారుమారు. కాగితం మీద ఇంత చిన్న తేడా, పాటలో రాగాన్నే మార్చేస్తుంది. భూపాలీ మొదలుపెట్టిన విద్యార్థి హుషారులో పైకి వెళ్లి దైవతం మీద కాసేపు నిలిచిపోతే గురువు వెంటనే ఆపేది అందుకే. స్వరం ఒక్కటీ తప్పలేదు, శ్రుతీ తప్పలేదు. రాగం మాత్రం తప్పింది.

హార్మోనియంతో ఇంత తెలుస్తుంది కానీ అంతా తెలియదు. భూపాలీలో పంచమం నుంచి గాంధారానికి, పై షడ్జం నుంచి దైవతానికి గొంతు జారుతూ వస్తుంది. ఆ జారుడులోనే రాగం సగం ఉంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ ఉన్న వాద్యం ఆ పని చేయలేదు. 1940లో ఆలిండియా రేడియో తన ప్రసారాల నుంచి హార్మోనియాన్ని పక్కన పెట్టినప్పుడు దాని మీద వినిపించిన ప్రధానమైన ఫిర్యాదుల్లో ఇదొకటి. ఆ నిషేధం సుమారు మూడు దశాబ్దాలు సాగింది.

ఇక వేళ సంగతి. హిందుస్తానీ సంప్రదాయం రోజును ఎనిమిది జాములుగా పంచి, ఒక్కో జాముకు కొన్ని రాగాలను కేటాయించింది. ఒక్కో జాము మూడు గంటలు. గాయకుల అలవాట్లలో ఉన్న ఈ పద్ధతిని విష్ణు నారాయణ్ భాత్‌ఖండే (1860–1936) ఊరూరా తిరిగి, విని, రాసుకుని, ఒక క్రమంలో పెట్టారు. అందులో ఒక సూత్రం భూపాలీ, దేశ్‌కార్‌ల ముడిని సులువుగా విప్పుతుంది. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి వరకు పాడే రాగాల్లో వాది కింది సగంలో ఉంటుంది. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం వరకు పాడేవాటిలో పై సగంలో ఉంటుంది. గాంధారం కింది సగం కాబట్టి భూపాలీ సాయంత్రానికి వెళ్లింది, దైవతం పై సగం కాబట్టి దేశ్‌కార్ ఉదయానికి వచ్చింది. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల రాగాలకు మరో గుర్తు ఉంది. వాటిలో సాధారణంగా రిషభం కోమలంగా, అంటే షడ్జానికి బాగా దగ్గరగా, పలుకుతుంది. తెల్లవారుజామున పాడే భైరవ్, సంధ్యవేళ పాడే పూర్వీ రెండింటిలోనూ ఆ కోమల రిషభం వినిపిస్తుంది.

ఈ నియమాలకు సడలింపులు లేకపోలేదు. భైరవి పొద్దుటి రాగమే అయినా ఏ వేళ కచేరీ అయినా దానితో ముగించడం ఆనవాయితీ. వసంత రుతువులో బసంత్, బహార్ రాగాలనూ వానాకాలంలో మల్హార్ రాగాలనూ ఏ వేళనైనా పాడతారు. సాయంత్రం గాలిలో గాంధారం మరోలా మోగదు, తెల్లవారగానే దైవతానికి కొత్త బలం రాదు. తరతరాలుగా ఒక రాగాన్ని ఒకే వేళలో వింటూ వచ్చిన చెవికి, ఆ రాగం వినగానే ఆ వేళ మనసులో మెదులుతుంది. వేళకూ రాగానికీ ఉన్న బంధం ఎక్కువగా ఇలా కుదిరిందేననిపిస్తుంది. అలా కుదిరింది కదా అని దాన్ని తీసిపారేయలేం. పాడేవాళ్లకూ వినేవాళ్లకూ అది ఒకేలా అలవాటైనప్పుడే రాగం మొదటి పలుకుకే పని చేయడం మొదలుపెడుతుంది.

దక్షిణాదిన కచేరీలకు ఈ పట్టింపు ఇప్పుడు దాదాపు లేదు. సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే కచేరీలో పొద్దుటి రాగమైన బిలహరి విన్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు. గుళ్లో మాత్రం ఆ స్పృహ ఇంకా బతికే ఉంది. నాదస్వర విద్వాంసులు తెల్లవారుజామున భూపాలం, బౌళి, మలయమారుతం వంటివి వాయిస్తారు. స్వామికి పవ్వళింపు వేళ నీలాంబరి ఎత్తుకుంటారు. ఇళ్లలో జోలపాటలకూ నీలాంబరి అలాగే అతుక్కుపోయింది.

వేళను వదులుకున్నా, ఒకే స్వరాల నుంచి రెండు రాగాలు తీయడంలో కర్ణాటక సంగీతం ఏమీ తగ్గలేదు. అందుకు ఆరభి, దేవగాంధారి మంచి ఉదాహరణ. రెండూ ధీరశంకరాభరణం నుంచి పుట్టినవే. రెండింటికీ ఆరోహణ స, రి, మ, ప, ద, స. అవరోహణలో ఏడు స్వరాలూ వస్తాయి. త్యాగరాజస్వామి ఈ రెండు రాగాల్లోనూ తెలుగులోనే కృతులు రాశారు కాబట్టి, మాటల అర్థం తెలిసిన మనకు వీటి తేడా పట్టుకోవడం ఇంకాస్త తేలిక.

పంచరత్న కీర్తనల్లో మూడోదైన ‘సాధించెనే’ ఆరభి. కృష్ణుడు ఎంత గడుసువాడో, ఎవరిని ఎలా మాటలతో ఏమార్చాడో చనువుగా దెప్పుతూ సాగే కీర్తన అది. నడక చురుకైనది. గాంధారం మధ్యమాన్ని ఆనుకుని, నిషాదం షడ్జాన్ని ఆనుకుని వచ్చి క్షణంలో దాటిపోతాయి. స్వరాలు ఎక్కువ ఊగకుండా తేటగా, గట్టిగా పడతాయి. ఆరభిని ఘనరాగాల్లో చేర్చినదీ, వీణ మీద తానానికి అది అంతగా నప్పేదీ ఈ గుణం వల్లే.

‘క్షీరసాగర శయన’ దేవగాంధారి. నన్ను ఇలా చింతల్లో ఉంచడం న్యాయమా అని రాముణ్ని అడిగే పాట. గజేంద్రుణ్ని కాపాడిన సంగతి, ద్రౌపది మానం నిలిపిన సంగతి, మన భద్రాచల రామదాసు చెర విడిపించిన సంగతి త్యాగరాజు ఒక్కొక్కటిగా గుర్తుచేస్తారు. ఇక్కడ నడక నెమ్మదిస్తుంది. రిషభం మీద గొంతు ఆగి, నిదానంగా ఊగుతుంది. ఆరభిలో నిటారుగా నిలబడిన రిషభమే ఇక్కడ ప్రాధేయపడుతుంది. దెప్పడానికీ వేడుకోవడానికీ స్వరాలు అవే. మారిందల్లా ఆగే చోటు, ఊపు, నడక.

ఇలాంటివి రాతలో పెట్టడం ఎంత కష్టమో సుబ్బరామ దీక్షితులకు తెలుసు. 1904లో ఎట్టయపురం నుంచి ఆయన తెలుగులో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాల మీద గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు వేశారు. ఒక స్వరం ఊగాలా, జారాలా, నొక్కి పలకాలా అన్నది ఆ గుర్తులు చెబుతాయి. లక్షణం చెప్పి ఊరుకోకుండా, ఆ రాగం ఏయే దారుల్లో తిరుగుతుందో చూపడానికి సంచారాలు కూడా రాసిపెట్టారు. ఆ గుర్తులు తీసేసి ఒట్టి స్వరాలే చూస్తే ఆరభి ఏదో దేవగాంధారి ఏదో విడదీయడం అనుభవజ్ఞులకూ శ్రమే.

దేవగాంధారి పాడేవాళ్లకు అసలు చిక్కు వేగంతో వస్తుంది. కాలం కాస్త పెంచితే రిషభానికి ఊగే వ్యవధి చాలదు, పలుకులు పొట్టివవుతాయి, తెలియకుండానే పాట ఆరభిలోకి జారుకుంటుంది. అందుకే కచేరీలో ఈ రాగానికి ఆలాపన విస్తారంగా చేసి, కృతిని విలంబంలో పాడి, కల్పన స్వరాల జోలికి పోకుండా ముగించే విద్వాంసులే ఎక్కువ.